అక్షరాన్ని వెంట పంపాలా, బొమ్మగా మార్చాలా?

మధ్యాహ్నం రెండింటికి విజయవాడ ప్రెస్సు నుంచి ఫోను. "అన్నా, చివరి ఫారంలో ఒక పేజీ మొత్తం ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు పడ్డాయి. అది అట్లాగే ఉండాలా?" అని మిషన్ మీదున్న కుర్రాడు అడిగాడు. వాట్సాప్‌లో ఫొటో పెట్టమన్నాను. అది నూట నలభై ఒకటో పేజీ. ఒక కుటుంబం తమ తండ్రిగారి జ్ఞాపకంగా వేయించుకుంటున్న కథల పుస్తకంలో, ఆయన ఫొటో కింద నాలుగు పంక్తుల నివాళి ఉండాల్సిన చోట అడ్డదిడ్డంగా రోమన్ అక్షరాలు, వాటి నెత్తిన కామాల్లాంటి గుర్తులు. ఆయన పేరు కూడా అలాగే అచ్చయింది.

డెమ్మీ వన్ బై ఎయిట్ సైజులో 144 పేజీల పుస్తకం. పదహారేసి పేజీల లెక్కన తొమ్మిది ఫారాలు, వెయ్యి కాపీలు. ఫోను వచ్చేసరికి చివరి ఫారం ఒక వైపు వెయ్యి షీట్లూ తిరిగిపోయాయి. అంటే రెండు రీముల కాగితం వృథా. ప్లేటు మళ్లీ తీయాలి. అంతకంటే నన్ను బాధించింది మరొకటి. ఆ పేజీని నా కంప్యూటరులో కనీసం నాలుగుసార్లు చదివాను. నాకు ప్రతిసారీ చక్కటి తెలుగే కనిపించింది. ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌ను మళ్లీ తెరిచి చూసినా తెలుగే. తప్పు ప్రెస్సుది అనుకున్నాను. కాదు, తప్పు నాదే. అది ఎలా జరిగిందో అర్థమైతే, ప్రెస్సుకు వెళ్లే ఫైలులో అక్షరాలను ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

పీడీఎఫ్ అంటే పేజీని ఫొటో తీసినట్టు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పేజీని గీయడానికి రాసిపెట్టిన ఆదేశాల కట్ట. "ఇక్కడి నుంచి ఇక్కడికి గీత గియ్యి", "ఈ ఫొటో ఇక్కడ పెట్టు", "ఫలానా ఫాంటు తీసుకుని, పది పాయింట్ల సైజులో, అందులోని ఫలానా నంబరు ఆకారాన్ని ఇక్కడ వెయ్యి" అన్న తరహాలో ఉంటాయి ఆ ఆదేశాలు. చివరిదే మనకు ముఖ్యం. ఫాంటు తీసుకోమంటోంది సరే, ఎక్కడి నుంచి? ఆ ఫాంటు పీడీఎఫ్ లోపలే ఉంటే అక్కడి నుంచి. దాన్నే ఎంబెడ్ చేయడం అంటాం. లోపల లేకుండా పేరు మాత్రమే ఉంటే, ఫైలును తెరిచిన కంప్యూటరు తన దగ్గరున్న ఫాంట్లలో ఆ పేరు కోసం వెతుకుతుంది. దొరికితే అంతా బాగుంటుంది. దొరక్కపోతే చేతికందిన మరో ఫాంటును దాని బదులు పెట్టేస్తుంది.

నా కంప్యూటరులో ఆ ఫాంటు ఉంది. ప్రెస్సులో ప్లేటు తీసే యంత్రానికి ముందుండి పేజీలను చుక్కలుగా విడగొట్టే రిప్ దగ్గర అది లేదు. అందుకే నా కళ్లకు తెలుగు, ప్లేటు మీద గజిబిజి. ఫాంటు దొరకలేదని రిప్ ఆగిపోయి ఉంటే నయం అనిపించింది. కొన్ని రిప్‌లు ఆగుతాయి, కొన్ని మారు ఫాంటుతో ముందుకు పోతాయి. రెండో రకమే ప్రమాదం.

ఇంగ్లీషు పుస్తకంలో ఇలా జరిగితే అక్షరాల అందం చెడుతుంది, పంక్తులు కొంచెం జరుగుతాయి. చదవడానికి మాత్రం వీలవుతుంది. తెలుగులో అసలు భాషే పోతుంది. ఎందుకంటే మన డీటీపీ చాలా ఏళ్లు యూనికోడ్ కాని ఫాంట్ల మీద నడిచింది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిసి తెలుగు అచ్చు రంగాన్ని ఎంతకాలం మోశాయో ఈ పని చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తరహా ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లోనే కూర్చోబెట్టారు. కంప్యూటరు దృష్టిలో అక్కడున్నది ఒక రోమన్ అక్షరం. దానికి తెలుగు చొక్కా తొడిగేది ఫాంటే. చొక్కా తీసేస్తే లోపలి రోమన్ అక్షరం బయటపడుతుంది. మా నూట నలభై ఒకటో పేజీలో పడినవి అవే.

యూనికోడ్ ఫాంటు వాడితే ఈ బెడద ఉండదు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. టైపు చేసేటప్పుడు ఉండదు, పీడీఎఫ్‌లోకి వచ్చాక మాత్రం ఉంటుంది. "స్త్రీ" అన్న మాటనే తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు. కాగితం మీద మనకు కావలసింది వేరు. గుడి దీర్ఘంతో కూడిన "సీ", దాని కింద తవత్తు, దానికి చుట్టుకున్న రవత్తు కావాలి. ఆరు సంకేతాలను ఈ కొద్ది ఆకారాలుగా మార్చే నియమాలు ఫాంటు లోపలే రాసి ఉంటాయి. పేజీ తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఆ నియమాలను నడిపించి, ఏ ఆకారాలు కావాలో తేల్చుకుని, వాటి వరుస సంఖ్యలను పీడీఎఫ్‌లో రాస్తుంది. అంటే పీడీఎఫ్‌లో ఉండేది "స్త్రీ" కాదు, "ఈ ఫాంటులో ఇన్నో ఆకారం, ఆపైన ఇన్నో ఆకారం" అన్న లెక్క. ఆ వరుస సంఖ్యలు ఆ ఒక్క ఫాంటుకే చెల్లుతాయి. మండలి ఫాంటు సంఖ్యలు సూరన్న ఫాంటుకు పనికిరావు. ఇంతెందుకు, ఒకే ఫాంటు పాత వెర్షన్ సంఖ్యలు కొత్త వెర్షన్‌లో మారిపోయి ఉండవచ్చు. అందుకే తెలుగు పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు ఫైలుతోపాటే ప్రయాణం చేయాలి. దానికి ఉన్న దారులు రెండే. ఫాంటును లోపల పెట్టి పంపడం ఒకటి, అక్షరాన్ని ఫాంటుతో సంబంధం లేని గీతల బొమ్మగా మార్చి పంపడం రెండోది.

మొదటి దారిలో ఫాంటు మొత్తం లోపలికి వెళ్లనక్కర్లేదు. పుస్తకంలో వాడిన ఆకారాలు మాత్రమే వెళ్తే చాలు. దీన్ని సబ్‌సెట్ అంటారు. సబ్‌సెట్‌గా వెళ్లిన ఫాంటు పేరు ముందు ఆరు పెద్ద రోమన్ అక్షరాలు, ఒక కూడిక గుర్తు చేరతాయి. `KXQTBD+Mandali-Regular` లాంటి పేరు ఎప్పుడైనా చూసి ఇదేం వింత అనుకుని ఉంటే, దాని అర్థం ఇదే. ఆ ఆరు అక్షరాలకు వేరే భావమేమీ లేదు. ఒకే ఫాంటు నుంచి తీసిన రెండు వేరు ముక్కలు కలిసిపోకుండా పెట్టిన ఆనవాలు.

ఇన్‌డిజైన్ వాడేవాళ్లకు ఈ పని దాదాపు దానంతట అదే జరిగిపోతుంది. `File > Export`లో `Adobe PDF (Print)` ఎంచుకుని, పైన ప్రీసెట్‌గా `[PDF/X-1a:2001]` గానీ `[PDF/X-4:2008]` గానీ పెట్టుకోవాలి. పీడీఎఫ్/ఎక్స్ అన్నది అచ్చు పని కోసమే ఏర్పరచిన అంతర్జాతీయ ప్రమాణం. అందులో ఏ రకమైనా సరే, వాడిన ప్రతి ఫాంటూ ఫైలు లోపలే ఉండి తీరాలన్నది తప్పనిసరి షరతు. `Advanced` పేజీలో `Subset fonts when percent of characters used is less than` అని ఒక గడి ఉంటుంది. అందులో 100% ఉంటే వాడిన ఆకారాలు మాత్రమే వెళ్తాయి. అలాగే ఉంచండి. పాత పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ తీసి డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేసేవాళ్లు డిస్టిలర్ సెట్టింగుల్లో `When embedding fails` ఎదురుగా `Cancel job` పెట్టుకోవాలి. ఫాంటు చేరకపోతే పీడీఎఫ్ తయారవడమే మానేస్తుంది. తప్పుడు పీడీఎఫ్ చేతికి రావడం కంటే అసలు రాకపోవడం మేలు.

ఇంత పకడ్బందీ ఉండగా నా పుస్తకంలో తప్పెలా దొర్లిందంటే, ఆ నివాళి పేజీ నేను టైపు చేసింది కాదు. ఆ కుటుంబంలో ఒక అబ్బాయి కోరెల్‌డ్రాలో చేసి, పీడీఎఫ్‌గా మార్చి పంపాడు. ఆ పీడీఎఫ్‌ను నేను ఇన్‌డిజైన్ పేజీలో బొమ్మను పెట్టినట్టు పెట్టేశాను. ఇన్‌డిజైన్ తన పేజీల్లో తాను వాడిన ఫాంట్లను ఎంబెడ్ చేస్తుంది. లోపల పెట్టిన మరో పీడీఎఫ్‌కు ఏ ఫాంటు కావాలో, అది అందులో ఉందో లేదో వెతికి తెచ్చి చేర్చే పని చేయదు. ఆ పేజీని ఉన్నదున్నట్టు దాటించేసింది. నూట నలభై మూడు పేజీల్లో ఫాంట్లు ఉన్నాయి, ఒక్క పేజీలో లేవు. సావనీర్లలో, పత్రికల్లో ప్రకటనల పేజీలకు జరిగే ప్రమాదాల్లో చాలావరకు ఈ రకమే. ప్రకటన ఎవరో చేస్తారు, పుస్తకం ఇంకెవరో కడతారు. ఇద్దరి కంప్యూటర్లలోనూ ఆ పాత ఫాంటు ఉండటం వల్ల ఇద్దరికీ తెలియదు.

ఇక రెండో దారి. మన ప్రెస్సుల్లో దీని పేరు "కర్వ్స్". "కర్వ్స్ చేసి పంపండి సార్" అనని ప్రెస్సు ఉండదు. కోరెల్‌డ్రాలో అక్షరాలను ఎంచుకుని `Ctrl+Q` నొక్కితే `Convert to Curves` జరుగుతుంది. ఇలస్ట్రేటర్‌లోనూ, ఇన్‌డిజైన్‌లోనూ `Ctrl+Shift+O` నొక్కితే `Create Outlines`. రెండూ ఒకటే పని. అక్షరం ఇక అక్షరం కాదు, అంచుల వెంట బిందువులు కట్టిన ఒక ఆకారం. రిప్‌కు ఫాంటు అక్కర్లేదు, వెతకదు, మార్చదు. ఆ భరోసా చిన్నది కాదు. ప్రెస్సులకు తెరిచిన కోరెల్ ఫైళ్లు నేరుగా వెళ్లిన కాలంలో, ప్రతి కస్టమరు ఫాంట్లనూ ప్రెస్సువాళ్లు తమ కంప్యూటరులో పెట్టుకోలేరు గనుక, కర్వ్స్ తప్ప మరో మార్గం లేదు. పెళ్లిపత్రికకు, విజిటింగ్ కార్డుకు, ఫ్లెక్సీకి ఈనాటికీ అదే సరైన మార్గం. పుస్తకం లోపలి పేజీలకు అలా కాదని నా గట్టి అభిప్రాయం. దానికి కారణాలు చెబుతాను.

మొదటిది బరువు. మా కథల పుస్తకంలో పేజీకి సుమారు 1,400 ఆకారాలు వేసుకుంటే 144 పేజీలకు రెండు లక్షలు. ఎంబెడ్ చేసిన ఫైలులో "క" ఆకారం ఒక్కసారే ఉంటుంది. తక్కినచోట్లంతా దాని నంబరే. వాడిన ఆకారాలు ఏ మూడు నాలుగు వందలో ఉంటాయి. కర్వ్స్ చేస్తే పుస్తకంలో "క" ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ దాని అంచు మొత్తం మళ్లీ రాయాలి. తెలుగు అక్షరం వంపుల మయం. ఒక్కో ఆకారానికి ముప్ఫై బిందువులు అనుకున్నా రెండు లక్షల ఆకారాలకు అరవై లక్షల బిందువులు. ఇప్పటి రిప్‌లు దీన్ని మోయగలవు. కానీ ఫైలు ఉబ్బుతుంది, తెరిచిన ప్రతిసారీ పేజీ మెల్లగా గీసుకుంటూ వస్తుంది.

రెండోది అక్షరం లావెక్కడం. ఇది చాలామంది గమనించి కూడా కారణం తెలియక సిరా ఎక్కువైందనో, ప్లేటు తప్పనో అనుకుంటారు. రిప్ ఫాంటులోని అక్షరాన్ని చుక్కలుగా మార్చేటప్పుడు ఒక పద్ధతి, మామూలు గీతల ఆకారాన్ని మార్చేటప్పుడు మరో పద్ధతి వాడుతుంది. మామూలు ఆకారమైతే దాని అంచు ఏ గడిని కాస్త తాకినా ఆ గడి మొత్తం నల్లబడుతుంది. అక్షరమైతే ఫాంటులో ఉండే సర్దుబాటు సూచనల సాయంతో గీతల మందం అదుపులో ఉంటుంది. కాబట్టి కర్వ్స్ చేసిన అక్షరపు గీత దాదాపు ఒక గడి వెడల్పు వరకు లావెక్కవచ్చు. ఆఫ్‌సెట్ ప్లేటు తీసే సీటీపీ యంత్రం సాధారణంగా అంగుళానికి 2,400 గడులతో పనిచేస్తుంది. అక్కడ ఒక గడి అంటే మిల్లీమీటరులో నూరో వంతు. అక్షరంలోని సన్నని గీత పావు మిల్లీమీటరు ఉందనుకుంటే, పెరిగేది నాలుగు శాతం. కంటికి తెలియదు. అదే ఫైలును అంగుళానికి 600 గడుల డిజిటల్ ప్రింటరు మీద యాభై కాపీలు తీయిస్తే ఒక గడి మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు. పావు మిల్లీమీటరు గీత ఆరో వంతు లావెక్కుతుంది. తొమ్మిది, పది పాయింట్ల తెలుగులో వత్తుల లోపలి తెల్లని సందులు పూడుకుపోతాయి. "ష్ట", "క్ష్మ" లాంటివి మసకబారతాయి. ఈ రోజుల్లో తక్కువ కాపీల తెలుగు పుస్తకాలు ఎన్నో డిజిటల్ మీదే వస్తున్నాయి గనుక ఇది ఊరికే చెప్పే లెక్క కాదు.

మూడోది తెల్ల మచ్చలు. తెలుగు ఫాంట్లలో అక్షరం, దాని మీది గుడి, కింది వత్తు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. అక్షరాలుగా ఉన్నంతసేపు నలుపు మీద నలుపు పడుతుంది, ఏమీ తెలియదు. కోరెల్‌లో కర్వ్స్ చేసినప్పుడు అవన్నీ కలిసి ఒకే ఆకారంగా మారితే, రెండు గీతలు కలిసిన చోట నలుపుకు బదులు కొన్నిసార్లు రంధ్రం పడుతుంది. అక్షరం, గుడి కలిసే దగ్గర ఆవగింజంత తెలుపు. పెద్ద శీర్షికల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కర్వ్స్ చేశాక నాలుగువందల శాతానికి పెంచి ప్రతి శీర్షికా చూడాలి. మచ్చ కనిపిస్తే `Break Apart` చేసి మళ్లీ `Weld` చేస్తే పోతుంది. అలా విడగొట్టినప్పుడు "ం" సున్న, "ఠ" వంటి వాటి లోపలి ఖాళీలు పూడిపోకుండా చూసుకోవాలి. ఇన్‌డిజైన్‌లో `Create Outlines` చేస్తే ఇంకో నష్టం ఉంది. పేరాల ముందు సాఫ్ట్‌వేరే వేసిన సంఖ్యలు, బుల్లెట్లు, పదాల కింది గీతలు మాయమవుతాయి. అక్షరం బొమ్మగా మారింది, ఆ గీత మాత్రం అక్షరానికి పెట్టిన లక్షణం కావడంతో దానితో రాలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మరో నష్టం ఒక ఎత్తు. కొన్నేళ్ల క్రితం ఒక రచయిత తన వ్యాసాల పుస్తకం రెండో ముద్రణ కోసం సీడీ తెచ్చిచ్చారు. అందులో పీడీఎఫ్ లేదు, రెండు వందల పైచిలుకు పేజీల కోరెల్ ఫైళ్లున్నాయి. ప్రతి పేజీ కర్వ్సే. మొదటి ముద్రణలో దొర్లిన తప్పులకు ఆయన ఎర్రసిరాతో గుర్తులు పెట్టిన కాపీ పక్కనే ఉంది. ఒక్క "ళ"ను "ల" చేయడానికి కూడా వీల్లేదు. అక్కడ అక్షరాలు లేవు, అక్షరాల బొమ్మలున్నాయి. పుస్తకమంతా మళ్లీ టైపు చేయించాం. మళ్లీ ప్రూఫులు, మళ్లీ కొత్త తప్పులు. ఆ పెద్దాయన కళ్లజోడు సవరించుకుంటూ రెండోసారి తన పుస్తకాన్ని తానే అక్షరం అక్షరం దిద్దుకోవడం చూశాక, అసలు ఫైలును కర్వ్స్ చేసి సేవ్ చేయకూడదన్నది నాకు నియమమైపోయింది. చేయాల్సి వస్తే నకలులో చేస్తాను. ఫైలు పేరు చివర "కర్వ్స్" అని ఉంటుంది. అసలుది, దాని ఫాంట్లు ఒక ఫోల్డరులో వేరుగా ఉంటాయి.

అలాగని కర్వ్స్‌ను కాదనలేను. కవరు పేజీ మీద రంగులు, నీడలు వేసిన పుస్తకం పేరును, ప్రచురణ సంస్థ లోగోను నేను ఎప్పుడూ అవుట్‌లైన్ చేసే పంపుతాను. పెద్ద సైజులో లావు తేడా పట్టింపు లేదు, అక్షరాలు పది కూడా ఉండవు. బయటివాళ్లు పంపే ప్రకటన పేజీలను కూడా కర్వ్స్ చేసే పంపమంటాను. మరో సందర్భం, ఫాంటే ఎంబెడ్‌కు ఒప్పుకోనప్పుడు. ప్రతి ఫాంటు ఫైలులోనూ తయారుచేసినవాళ్లు పెట్టిన ఒక చిన్న సూచన ఉంటుంది, దీన్ని పత్రాల్లో పొదగవచ్చా లేదా అని. వద్దని ఉంటే ఇన్‌డిజైన్ ఎంబెడ్ చేయదు. అప్పుడు ఆ ఫాంటు కొనుగోలు ఒప్పందం చదివి, అవుట్‌లైన్‌కు అనుమతి ఉంటే అలా చేయాలి, లేదంటే ఫాంటు మార్చాలి. మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చినవి కాబట్టి వాటితో ఈ చిక్కు లేదు.

ప్రెస్సు మొత్తం పుస్తకాన్నే కర్వ్స్‌లో కావాలని పట్టుబడితే, ఇన్‌డిజైన్‌లో పేజీ పేజీ తెరిచి `Ctrl+Shift+O` నొక్కకండి. ముందు ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ తీయండి, దాని నకలును మార్చండి. ఆక్రోబాట్ ప్రోలో `Preflight` ఫిక్సప్‌లలో `Convert fonts to outlines` ఉంటుంది. ఉచితంగా దొరికే ఘోస్ట్‌స్క్రిప్ట్‌తోనైతే ఒక్క వరుస చాలు:

```
gs -o book-curves.pdf -sDEVICE=pdfwrite -dNoOutputFonts book.pdf
```

ఇలా చేస్తే బుల్లెట్లు, కింది గీతలు ఎక్కడికీ పోవు. పీడీఎఫ్ అయ్యేనాటికే అవి పేజీ మీద గీసి ఉన్నాయి కదా. ఒక్క జాగ్రత్త: మూల పీడీఎఫ్‌లో ఫాంటు లేకపోతే ఘోస్ట్‌స్క్రిప్ట్ కూడా మారు ఫాంటునే తీసుకుని, ఆ గజిబిజినే శాశ్వతమైన బొమ్మగా మార్చిపెడుతుంది. అందుకే మార్చడానికి ముందు పరీక్ష.

ఆ పరీక్షకు అర నిమిషం పడుతుంది. అడోబీ రీడరులో పీడీఎఫ్ తెరిచి `Ctrl+D` నొక్కితే `Fonts` అనే ట్యాబు ఉంటుంది. ప్రతి ఫాంటు పేరు పక్కన `Embedded Subset` అని గానీ `Embedded` అని గానీ ఉండాలి. ఏ మాటా లేకుండా ఖాళీ ఉన్న పేరు దొంగ. ఒక్క చిక్కేమిటంటే, పొడవాటి పుస్తకంలో మీరు ఇంకా చూడని పేజీల ఫాంట్లు ఆ జాబితాలోకి వచ్చి ఉండకపోవచ్చు. చివరి పేజీ దాకా ఒకసారి తిప్పి అప్పుడు చూడాలి. నేను `pdffonts` అనే చిన్న ఉచిత సాధనం వాడతాను. అది ఫైలంతా తానే చదివి చెబుతుంది. ఆ రోజు ఫోను వచ్చాక మా పుస్తకం మీద నడిపితే ఇలా వచ్చింది. రెండో పేరును మాత్రం ఇక్కడ మార్చాను, కొన్ని నిలువు వరుసలు తీసేశాను:

```
name                      type          emb sub uni
KXQTBD+Mandali-Regular    CID TrueType  yes yes yes
OldTelugu-Bold            TrueType      no  no  no
```

`emb` కింద `no`. అంతే, మొత్తం కథ ఆ రెండక్షరాల్లో ఉంది. ప్రెస్సుకు పంపే ముందు ఈ ఆదేశం నడిపి ఉంటే రెండు రీములు మిగిలేవి. పక్కనున్న `uni` వరుస అచ్చుకు అవసరం లేదు. పీడీఎఫ్‌లోని తెలుగును వెతకడానికి, కాపీ చేసుకోవడానికి వీలుందా అన్నది అది చెబుతుంది. అదే పీడీఎఫ్‌ను ఈ-బుక్‌గా కూడా ఇవ్వాలనుకునేవాళ్లు మాత్రం దాన్ని పట్టించుకోవాలి.

సాధనాలేవీ వద్దు, కంటితోనే చూడాలంటే ఆక్రోబాట్‌లో మరో ఉపాయం ఉంది. `Preferences > Page Display`లో `Use local fonts` ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. అప్పుడు అది మీ కంప్యూటరులోని ఫాంట్లను అరువు తెచ్చుకోదు, ఫైలు లోపలున్న వాటితోనే పేజీ గీస్తుంది. అంటే రిప్ చూసే పేజీకి దగ్గరగా ఉన్నదే మీకూ కనిపిస్తుంది. ఆ టిక్కు తీసి నూట నలభై ఒకటో పేజీకి వెళ్లాను. ప్రెస్సు కుర్రాడు పంపిన ఫొటోలోలాగే నా స్క్రీను మీద కూడా రోమన్ ముక్కలు, కామాలు కనిపించాయి. నాలుగుసార్లు చదివి బాగుందనుకున్న పేజీ అది.

ఈ పరీక్షల్లో నెగ్గిన ఫైలులో కూడా తెలుగు తప్పుగా ఉండే వీలుంది, అది వేరే జబ్బు. ఇన్‌డిజైన్ పేరాకు `Adobe World-Ready Paragraph Composer` పెట్టకుండా మామూలు కంపోజరు ఉంచితే ఫాంటులోని కూర్పు నియమాలు నడవవు. "స్త్రీ" కాస్తా పొల్లులతో విడివిడిగా నిలబడుతుంది. ఎంబెడ్ చేస్తే ఆ విరిగిన రూపమే భద్రంగా వెళ్తుంది, అవుట్‌లైన్ చేస్తే ఆ విరిగిన రూపమే బొమ్మవుతుంది. రెండూ ఉన్న ఆకారాన్ని కాపాడేవే తప్ప దిద్దేవి కావు. వర్డ్‌లో పుస్తకం చేసి పీడీఎఫ్‌గా దాచుకునేవాళ్లు `Options`లో `Bitmap text when fonts may not be embedded` అన్న టిక్కును కూడా గమనించాలి. ఎంబెడ్‌కు ఒప్పుకోని ఫాంటు ఉంటే అది అక్షరాలను చుక్కల బొమ్మగా మార్చేస్తుంది. అంచులు గరుగ్గా కనిపించే పుస్తకాలకు అదొక కారణం.

ఆ సాయంత్రం అబ్బాయికి ఫోను చేసి అసలు కోరెల్ ఫైలు పంపమన్నాను. వాళ్ల నాన్నగారి పేరు ఎలా అచ్చయిందో చెప్పలేదు. ఆ ఒక్క పేజీ నకలులో అక్షరాలన్నీ ఎంచుకుని `Ctrl+Q` కొట్టి, పెంచి చూశాను. "శ్రీ"లో గుడి దీర్ఘం అక్షరాన్ని కలిసే చోట ఒక తెల్ల మచ్చ ఉంది. విడగొట్టి, కలిపి సరిచేశాను. పీడీఎఫ్ తీసి ఇన్‌డిజైన్‌లో పాతదాని స్థానంలో పెట్టి, చివరి ఫారం పదహారు పేజీలే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. `pdffonts` ఈసారి ఒకే ఒక పేరు చూపించింది, దాని పక్కన `yes`. నూట నలభై ఒకటో పేజీ పడే వైపు దానితోపాటు 129, 132, 133, 136, 137, 140, 144 పేజీలుంటాయి. ఆ ఒక్క ప్లేటు మార్చి, కొత్త కాగితం మీద మర్నాడు పొద్దున మళ్లీ తిప్పారు. మొదటి షీటు తిరగగానే కుర్రాడు ఫొటో పెట్టి, "ఇప్పుడు పేరు చదవగలుగుతున్నా అన్నా" అన్నాడు. రెండు రీముల డబ్బు, ప్లేటు ఖర్చు నేనే కట్టాను.